సూవా బుట్ట ఎందుకు తేలికైంది? కథ చదివిన పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

మడగాస్కర్ తీరంలో ఆక్టోపస్‌లు పట్టుకుని బతికే సూవా అనే ఆమె కథను హైస్కూల్ పిల్లల కోసం రాశాను. ఆమె బుట్ట రానురానూ తేలికవుతుంది. ఊరంతా కూర్చుని, సముద్రంలో ఒక భాగాన్ని కొన్ని నెలలు ముట్టుకోకూడదని తీర్మానం చేసుకుంటుంది. ఆ తర్వాత ఏమైందన్నదే కథ. చదివిన పిల్లల నుంచి, క్లాసులో చదివి వినిపించిన టీచర్ల నుంచి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. వాటిని కథ నడిచిన వరసలో ఇక్కడ పెట్టాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వాళ్లు నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ఊరు, మనుషులు

సూవా నిజంగా ఉందా? ఆ ఊరు నిజమేనా?

ఊరు నిజం. పేరు అండావదువాక. మడగాస్కర్ నైరుతి తీరంలో ఉంది. అక్కడ ఉండేది వేజు అనే జాలరి జనం. వాళ్లకు సముద్రమే పొలం. సూవా మాత్రం నేను కల్పించిన పాత్ర. అక్కడి ఆడవాళ్లందరికీ ఎదురైన అనుభవాన్ని ఒక మనిషి మీద పెట్టి చెప్పాను. ఆక్టోపస్ వ్యాపారం రావడం, వేట తగ్గడం, 2004 నవంబర్‌లో ఒక పగడపు దిబ్బను వేటకు మూసేయడం, 2005 జూన్‌లో తెరవడం నిజంగా జరిగినవే.

ఆడవాళ్లు వేటకు వెళ్తారా? మన ఊళ్లలో చేపలు అమ్మడమే చూశాం.

మన తీరంలో పడవ ఎక్కి సముద్రం మీదికి పోయేది ఎక్కువగా మగవాళ్లే. వేలం, ఎండబెట్టడం, గంపలో పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మడం ఆడవాళ్ల పని. అండావదువాకలో మగవాళ్లు లకన అనే చిన్న తెరచాప పడవల మీద లోపలికి వెళ్తారు. ఆడవాళ్లు పడవ అవసరం లేకుండానే వేటాడతారు. అమావాస్యకు, పౌర్ణమికి అటూ ఇటూ నాలుగైదు రోజులు సముద్రం పాటు బాగా ఉంటుంది. నీళ్లు చాలా దూరం వెనక్కి పోయి పగడపు దిబ్బలు బయటపడతాయి. అప్పుడు చేతిలో ఈటె, నడుముకో తాడు, ఒక బుట్ట పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నడుస్తారు.

ఆక్టోపస్ రాతి కన్నంలో దాక్కుంటుంది. రంగు కూడా రాయిలాగే మార్చుకుంటుంది. కానీ తిన్న పీతల డిప్పలు, గవ్వలు కన్నం ముందు పోగుపడి ఉంటాయి. చిన్న రాళ్లను గుమ్మానికి అడ్డంగా లాక్కుని పెట్టుకునే అలవాటు కూడా దానికి ఉంది. ఈ గుర్తులు కనిపెట్టడమే అసలు పనితనం. సూవా వాళ్ల అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నది ఇదే. నీళ్లు మళ్లీ పోటెక్కేదాకా, అంటే కొద్ది గంటలపాటే ఈ వేట సాగుతుంది.

ఆక్టోపస్‌నే ఎందుకు ఎంచుకున్నారు? చేప కథ అయితే మాకు బాగా అర్థమయ్యేది.

ఆక్టోపస్ బతుకు చాలా చిన్నది. ఈ కథలో ఉన్న జాతికి ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. తల్లి ఒక్కసారే గుడ్లు పెడుతుంది. కన్నం పైకప్పుకు వాటిని గుత్తులుగా అంటించి, తిండి మానేసి కాపలా కాస్తుంది. గుడ్లు పొదిగి పిల్లలు బయటికి రాగానే చనిపోతుంది. పిల్లలు బియ్యపు గింజంత కూడా ఉండవు. కొన్ని వారాలపాటు నీటి పైపొరల్లో ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు తేలుతూ పోతాయి. వాటిలో బతికినవి ఏదో ఒక దిబ్బ మీద దిగి కన్నం వెతుక్కుంటాయి.

మనిషి తన వేటతో ఒక జీవిని ఎంత మార్చగలడో పెద్ద చేపల్లో తెలియాలంటే పదేళ్లు, ఇరవయ్యేళ్లు పడుతుంది. ఆక్టోపస్‌లో కొన్ని నెలల్లోనే తెలిసిపోతుంది. పదో తరగతిలో ఉన్న సూవా కూతురు, అది పూర్తి కాకముందే మార్పును కళ్లారా చూస్తుంది. అందుకే ఈ జీవిని తీసుకున్నాను.

## బుట్ట తేలికైన రోజులు

తరతరాలుగా పడుతున్నా తగ్గనిది ఒక్కసారిగా ఎందుకు తగ్గింది?

అంతకుముందు పట్టింది ఇంట్లో వండుకోవడానికి, మిగిలితే ఎండబెట్టి చుట్టుపక్కల అమ్మడానికి. ఎంత ఎక్కువ పట్టినా పచ్చి సరుకు కొనేవాళ్లు లేరు కాబట్టి వేటకు దానంతట అదే హద్దు పడింది. 2000 తర్వాత యూరప్‌కు ఎగుమతి చేసే కంపెనీల సేకరణ ఆ తీరం వెంబడి విస్తరించి, 2003 నాటికి ఈ ఊరికి చేరింది. ఇప్పుడు పట్టిన ప్రతి కిలోకూ అదే రోజు చేతికి డబ్బు వస్తుంది. వేరే సంపాదన లేని చోట అది చిన్న విషయం కాదు.

దాంతో ఇంటికి ఒకరు వెళ్లేచోట ఇద్దరు ముగ్గురు వెళ్లడం మొదలైంది. పాటు బాగున్న రోజులతో ఆగకుండా మిగతా రోజుల్లోనూ వెళ్లారు. సూవా వాళ్ల అమ్మమ్మ "ఇంకా చిన్నది, పెరగనీ" అని వదిలేసిన వాటికి కూడా ఇప్పుడు ధర పలుకుతోంది. సూవా అత్యాశకు పోయిందని కొందరు పిల్లలు రాశారు. నేను ఒప్పుకోను. ఈరోజు తను వదిలిన పిల్లను రేపు ఇంకొకరు పట్టుకుపోతారని ఆమెకు తెలుసు. ఒక్కతే వదిలేస్తే నష్టం ఒక్కతికే. ఊరంతా కలిసి నిర్ణయిస్తే తప్ప ఈ ముడి విడదు.

బుట్ట తగ్గిందంటే సముద్రంలోనే తగ్గిపోయినట్టా? గాలివాన వల్ల కావచ్చు కదా?

కావచ్చు. ఒక వారం, ఒక నెల బుట్ట చూసి ఏమీ తేల్చలేం. తుఫాను తర్వాత నీళ్లు బురదగా ఉంటే కన్నాలు కనిపించవు. ఆక్టోపస్‌లు ఉన్నా దొరకవు.

ఊరు మొత్తం ఎంత పట్టిందన్న లెక్క కూడా మోసం చేస్తుంది. ఉదాహరణకు 20 మంది వెళ్లి తలా 5 కిలోలు తెచ్చారనుకుందాం. మొత్తం 100 కిలోలు. మూడేళ్లకు 50 మంది వెళ్లి తలా 2 కిలోలు తెచ్చారనుకుందాం. మొత్తం ఇప్పుడూ 100 కిలోలే. కొనేవాడి తక్కెడలో తేడా లేదు. సూవా ఇంట్లో మాత్రం సగానికి పైగా పడిపోయింది. అందుకే ఒక మనిషి, ఒక రోజు వేటకు ఎంత దొరికిందన్నది చూడాలి.

దానితోపాటు ఇంకో రెండు గమనించాలి. ఒక్కో ఆక్టోపస్ సగటు బరువు తగ్గుతోందా? అంతే సరుకు కోసం ఇదివరకటి కన్నా దూరం నడవాల్సి వస్తోందా? ఈ మూడూ ఏడాదికేడాదీ ఒకే వైపు పోతుంటే ఇక గాలివాన మీద నెపం వేయలేం.

రిక్రూట్‌మెంట్ అంటే పిల్లలు పుట్టడమేనా?

కాదు. పుట్టిన పిల్లలు ఆపదలన్నీ దాటి, వేటకు దొరికేంత సైజుకు వచ్చి అక్కడి మందలో చేరడాన్ని రిక్రూట్‌మెంట్ అంటారు. ఆక్టోపస్ తల్లి లక్షల్లో గుడ్లు పెడుతుంది. అన్నీ పొదిగినా, తేలుతూ పోయే వారాల్లో చాలా మటుకు చేపలకు ఆహారమైపోతాయి. కొన్ని దిబ్బ దొరకని చోటికి కొట్టుకుపోతాయి. ఆ లక్షల్లో సూవా ఈటె దాకా వచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

అందుకే గుడ్లు ఎన్ని పెట్టాయన్న దాన్నిబట్టి వచ్చే ఏడాది వేటను అంచనా వేయలేం. తల్లులు అంతే ఉన్నా, నీటి వేడి, ప్రవాహం, తిండి అనుకూలిస్తే ఒక ఏడాది పిల్లలు విరగబడి చేరతాయి. ఇంకో ఏడాది దాదాపు ఏమీ చేరవు. మరి తల్లులు ఎన్ని ఉన్నా ఒకటేనా అంటే, అదీ కాదు. తల్లుల సంఖ్య ఒక స్థాయికి దిగువకు పడిపోతే, కాలం ఎంత అనుకూలించినా చేరడానికి పిల్లలే ఉండవు.

చిన్నవాటిని పట్టేయడం, పిల్లలు పుట్టకుండా పోవడం: రెండూ ఒకటే కదా?

అందరూ తికమకపడేది ఇక్కడే. మితిమీరిన వేట రెండు రకాలుగా దెబ్బ తీస్తుంది. వాటి మందులు వేరు కాబట్టి తేడా తెలియాలి. మామిడి తోటలో పిందెలు కోసేయడం ఒక నష్టం, చెట్లే నరికేయడం ఇంకో నష్టం.

మొదటి రకం పెరుగుదలకు తగిలే దెబ్బ. కుర్ర ఆక్టోపస్ బరువు దాదాపు నెలకొకసారి రెట్టింపవుతుంది. సూవా 400 గ్రాములవి పది పట్టిందనుకుందాం. మొత్తం 4 కిలోలు. వాటినే రెండు నెలలు వదిలేస్తే? అన్నీ మిగలవు. మోరే ఈల్ అనే పాములాంటి చేప, ఇంకా పెద్ద చేపలు కొన్నింటిని తింటాయి. నాలుగు పోయాయనుకున్నా మిగిలిన ఆరూ ఒక్కోటి 1,600 గ్రాములవుతాయి. మొత్తం 9.6 కిలోలు. చావులు పోను పెరుగుదల ఇంత ఎక్కువగా ఉన్నప్పుడు ముందే పట్టేయడం అంటే సగానికి పైగా సంపాదన పారేసుకోవడం. ఇక్కడ పిల్లలు ఇంకా చేరుతూనే ఉన్నాయి. వాటిని పెరగనివ్వడం లేదంతే.

రెండో రకం రిక్రూట్‌మెంట్‌కు తగిలే దెబ్బ. ఈ జాతిలో ఆడది గుడ్లకు సిద్ధమయ్యేసరికి సుమారు 2 కిలోలుంటుంది. మగది అంతకన్నా చాలా చిన్నగా ఉన్నప్పుడే సిద్ధమవుతుంది. అరకిలోకే అన్నింటినీ పట్టేస్తూ పోతే ఒక్క ఆడది కూడా గుడ్ల దాకా రాదు. అలా తీరం పొడవునా జరిగితే కొన్నాళ్లకు పిల్లలు చేరడమే ఆగిపోతుంది.

దిబ్బ మీద నిలబడి ఏది జరుగుతోందో ఎలా తెలుసుకోవాలి? పెద్దవి మాయమై, చిన్నవి మాత్రం ఎప్పటిలాగే సీజన్ సీజన్‌కూ కనిపిస్తుంటే మొదటి రకం. చిన్నవి కూడా రెండు మూడు సీజన్లు వరసగా కనిపించకపోతే రెండో రకం అని భయపడాలి. సూవా ఊళ్లో ప్రధానంగా జరిగింది మొదటిది. కాబట్టే కొద్ది నెలల్లో తేరుకోగలిగారు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దగ్గర కాడ్ చేపకు రెండోది జరిగింది. 1992లో అక్కడి ప్రభుత్వం రెండేళ్లు అనుకుని వేట ఆపింది. ఆ నిషేధం ముప్పై ఏళ్లు దాటాక, 2024లో గానీ ఎత్తేయలేదు.

## మూసిన ఏడు నెలలు

మూయమని ఎవరు చెప్పారు? ప్రభుత్వమా?

ఆ మొదటి మూసివేత ప్రభుత్వం పెట్టింది కాదు. ఊరి పెద్దలు, వేటాడే ఆడవాళ్లు, అక్కడ పనిచేస్తున్న బ్లూ వెంచర్స్ అనే సంస్థ కలిసి మాట్లాడుకున్నారు. నూసి ఫాసి అనే ఇసుక తిన్నె చుట్టూ ఉన్న దిబ్బను ఎంచుకున్నారు. హద్దులు అందరికీ గుర్తుండే చోటది. మాటలతో ఆగకుండా "దినా" అనే ఊరి కట్టుబాటు కింద పెట్టారు. మడగాస్కర్‌లో ఊళ్లు తమకు తాము రాసుకునే నియమాలను దినా అంటారు. తప్పితే జరిమానా కట్టాలి.

ఏడు నెలలు వేట ఆపితే ఇల్లు ఎలా గడిచింది?

వేట అంతా ఆపలేదు. ఒక్క దిబ్బను మాత్రమే మూశారు. మిగతా చోట్ల ఎప్పటిలాగే పట్టుకున్నారు. ఆ తర్వాత ఆ తీరంలో చేసిన మూసివేతల్లో కూడా ఊరి ఆక్టోపస్ వేట స్థలంలో సగటున నాలుగో వంతు దాకానే పక్కన పెట్టారు. ఆ నెలల్లో ఊరి ఆదాయం చెప్పుకోదగ్గంతగా పడిపోలేదని తర్వాతి లెక్కల్లో తేలింది.

అయితే భారం అందరి మీదా సమానంగా పడదు. పడవ ఉన్న ఇంటివాళ్లు దూరపు దిబ్బకు పోగలరు. నడిచి వెళ్లే ముసలామెకు దగ్గరి దిబ్బ మూతపడితే వేరే దారి లేదు. కథలో పక్కింటి అవ్వ మీటింగ్‌లో లేచి గట్టిగా అడ్డం తిరిగింది అందుకే. ఆవిడ మాటలో న్యాయం ఉంది. ఏ దిబ్బను మూయాలో నిర్ణయించేటప్పుడు ముందు అడగాల్సింది అలాంటివాళ్లనే.

350 గ్రాముల కన్నా చిన్నవి పట్టకూడదని రూల్ పెడితే సరిపోయేది కదా? మూయడం ఎందుకు?

ఆ రూల్ కూడా ఉంది. మడగాస్కర్ 2005లో 350 గ్రాముల కనీస బరువు పెట్టింది. చిక్కు ఏమిటంటే ఆక్టోపస్‌ను వలతో పట్టరు, ఈటెతో పొడుస్తారు. కన్నంలో ఉన్నప్పుడు అదెంత ఉందో తెలియదు. బయటికి లాగి చూసేసరికి చచ్చిపోయి ఉంటుంది. చిన్నదని వెనక్కి వేసినా లాభం లేదు.

వలతో పట్టే చేపలకైతే వల కన్ను పెద్దది చేస్తే చిన్నవి వాటంతటవే తప్పించుకుంటాయి. ఈటెకు ఆ వీలు లేదు. అందుకని సైజు రూల్ కన్నా, ఫలానా చోట ఫలానా రోజుల్లో ఎవరూ అడుగు పెట్టకూడదన్న రూలే ఇక్కడ పనిచేస్తుంది. పైగా కాపలా కాయడం కూడా తేలిక: దిబ్బ మీద మనిషి కనిపిస్తే తప్పు జరిగినట్టే.

## తెరిచిన తర్వాత

తెరిచాక నిజంగా ఎక్కువ దొరికాయా, లేక కథ కోసం రాశారా?

నిజంగానే దొరికాయి. 2004 నుంచి 2011 వరకు ఆ తీరంలో జరిగిన 36 మూసివేతలను పరిశోధకులు లెక్కగట్టారు. మూయడానికి ముందు నెలతో పోలిస్తే, తెరిచిన మొదటి నెలలో ఆ దిబ్బల నుంచి వచ్చిన సరుకు ఏడు రెట్లకు పైగా పెరిగింది. ఒక మనిషికి ఒక రోజులో దొరికేది దాదాపు రెట్టింపయింది. మూయకుండా వదిలేసిన దిబ్బల్లో అలాంటి పెరుగుదల లేదు. కాబట్టి ఆ ఏడాది సముద్రం బాగుందని కొట్టిపారేయడానికి లేదు.

రెండు అంకెల మధ్య తేడా గమనించండి. సరుకు ఏడు రెట్లయితే మనిషికి దొరికింది రెండు రెట్లే ఎందుకు? తెరిచారని తెలిసి అక్కడికి వచ్చేవాళ్లు చాలా ఎక్కువయ్యారు కాబట్టి.

తెరిచిన రోజే పక్క ఊళ్లవాళ్లు వచ్చి ఊడ్చేస్తే?

మొదటిసారి జరిగింది అదే. 2005లో నూసి ఫాసి తెరుస్తున్నారన్న మాట పాకి చుట్టుపక్కల ఊళ్ల జనం దిగిపోయారు. ఏడు నెలలు ఓపిక పట్టినవాళ్లకూ, ఏమీ వదులుకోనివాళ్లకూ ఒకే వాటా వచ్చింది. కథలో సూవా ఆ సాయంత్రం నిండు బుట్టతో ఇంటికి వచ్చి కూడా కోపంగా ఉండడానికి కారణం ఇదే.

గొడవపడి తరిమేయడంతో ఇది తీరలేదు. పక్క ఊళ్లు కూడా తమ దిబ్బలు మూసుకోవడం మొదలుపెట్టాయి. ఎవరి దగ్గర వాళ్లకు ఉంటే ఇంకొకరి దగ్గరికి పరిగెత్తాల్సిన పని తగ్గుతుంది. 2006లో పాతిక దాకా ఊళ్లు కలిసి వెలుండ్రియాకే అనే ఉమ్మడి ప్రాంతాన్ని ఏర్పాటు చేసుకున్నాయి. తేదీలు కలిసి నిర్ణయించుకునే వీలు దానితో వచ్చింది.

అంత బాగుంటే ఏడు నెలలేం ఖర్మ, రెండేళ్లు మూయొచ్చుగా?

బుట్ట కోసమే అయితే ఉపయోగం లేదు. ఆక్టోపస్ బతికేదే ఏడాది, ఏడాదిన్నర. ఎక్కువ కాలం మూస్తే పెద్ద ఆడవి గుడ్లు పెట్టి కన్నంలోనే చనిపోతాయి. అందుకే తర్వాతి మూసివేతలు చాలావరకు రెండు మూడు నెలలకు కుదించారు. కుర్రవి బాగా బరువెక్కడానికి అది చాలు.

కానీ గుడ్లు పెట్టి చనిపోయినవి వృథా అనుకోకండి. రేపటి రిక్రూట్‌మెంట్ అక్కడే ఉంది. కాకపోతే ఆ పిల్లలు కొన్ని వారాలు తేలుతూ ఎంతో దూరం పోతాయి. సూవా ఊరు కాపాడిన తల్లి పిల్లలు ఇంకో ఊరి దిబ్బ మీద దిగొచ్చు. బరువు పెరగడం వల్ల వచ్చే లాభం ఏ ఊరిది ఆ ఊరికి దక్కుతుంది. పిల్లల వల్ల వచ్చేది తీరమంతా పంచుకోవాల్సిందే. దాన్ని ఒక్క ఊరు నడపలేదు. అందుకే ప్రభుత్వం కూడా ఆ తీరానికి మొత్తంగా ఏటా డిసెంబర్ 15 నుంచి జనవరి 31 వరకు ఆక్టోపస్ వేట విరామం పెట్టింది.

## మన తీరం

మన దగ్గర ఎండాకాలంలో 61 రోజులు వేట ఆపుతారు కదా, అదీ ఇదీ ఒకటేనా?

ఉద్దేశంలో పోలిక ఉంది, తీరులో లేదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవలు, ఇంజన్ పడవలు సముద్రంలోకి వెళ్లకూడదు. ఇంజన్ లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంది. గుడ్ల మీద ఉన్న చేపలను కాపాడడం, అంటే రిక్రూట్‌మెంట్‌ను నిలబెట్టడం దీని ముఖ్య లక్ష్యం. అండావదువాకలో మూసింది ఒక దిబ్బను, ఒక జీవి కోసం. మన దగ్గర ఆపేది మొత్తం తీరాన్ని, వందల రకాల చేపల కోసం. అవన్నీ ఆ రెండు నెలల్లోనే గుడ్లు పెట్టవు. కొన్నింటికి విరామం సరిగ్గా కలిసొస్తుంది, కొన్నింటికి రాదు.

ఇంకో తేడా. జూన్ 15 ఉదయం పడవలన్నీ ఒకేసారి బయల్దేరతాయి. విరామంలో పెరిగిన కుర్ర చేపలను సన్న కన్ను వలలతో లాగేస్తే ఆ రెండు నెలల లాభం వారాల్లో కరిగిపోతుంది.

పులస తగ్గడం కూడా మితిమీరిన వేట వల్లేనా?

అదొక్కటే కారణం కాదు. పులస సముద్రంలో పెరిగి, వానాకాలంలో ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎదురీదుతుంది. మనం ఎగబడి కొనేది గుడ్ల కోసం వస్తున్న ఆ చేపనే. ధవళేశ్వరం బ్యారేజీ పైకి పోనివ్వదు కాబట్టి గుడ్లు పెట్టే చోటు కూడా కుదించుకుపోయింది. సముద్రంలో జూన్ 14తో విరామం ముగిసిపోతుంది. పులస ఎక్కేది ఆ తర్వాతే.

బంగ్లాదేశ్ ఇదే చేపకు రెండు వైపుల నుంచీ కాపలా పెట్టింది. గుడ్లు పెట్టే అక్టోబర్ నెలలో 22 రోజులు వేట ఆపుతుంది. నవంబర్ నుంచి జూన్ వరకు 25 సెంటీమీటర్ల లోపు పిల్లలను పట్టనివ్వదు. మొదటిది తల్లుల కోసం, రెండోది పిల్లలు పెరిగి మందలో చేరడం కోసం.

క్లాస్ ప్రాజెక్ట్‌గా మేమే ఏదైనా కొలవొచ్చా?

కొలవొచ్చు. ఒక స్కేలు, ఒక నోటుబుక్కు చాలు. ఒకే రకం చేపను ఎంచుకోండి. కవ్వలు గానీ కానాగంతలు గానీ అయితే ఏడాదిలో ఎక్కువ నెలలు దొరుకుతాయి. వారానికొకసారి ఒకే మార్కెట్‌కు వెళ్లి, అమ్మే ఆమెను అడిగి, ఏరకుండా చేతికొచ్చిన 30 చేపల పొడవు రాసుకోండి. పెద్దవి మాత్రమే ఏరితే లెక్క చెడిపోతుంది. కేరళలో కవ్వలకు 10, కానాగంతలకు 14 సెంటీమీటర్ల కనీస పొడవు నిర్ణయించారు. మీ 30లో ఎన్ని అంతకన్నా పొట్టిగా ఉన్నాయో నెల నెలా లెక్కేయండి. ఆ చేపలు ఏ వలకు పడ్డాయో కూడా అడిగి పక్కన రాయండి. వల మారితే సైజు మారుతుంది, దాన్ని సముద్రంలో వచ్చిన మార్పు అనుకునే ప్రమాదం ఉంది.